A₅ సింపుల్ గ్రూప్ అని ఎలా తేలుతుంది: జవాబు సరైనదే, నిరూపణలో మాత్రం ఒక మెట్టు లేదు

ఆల్జీబ్రా పాఠం చెప్పేవాళ్లకీ పేపర్లు దిద్దేవాళ్లకీ బాగా అలవాటైన ప్రశ్న ఇది: ఐదు అక్షరాల మీది ఆల్టర్నేటింగ్ గ్రూప్ A₅ సింపుల్ అని నిరూపించండి. నా దగ్గరికి వచ్చిన ఒక జవాబును ఇక్కడ కేసుగా తీసుకుంటున్నాను. రాసింది ఎంఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థి. జవాబు పొందికగా ఉంది, లెక్కలన్నీ సరిగ్గా వచ్చాయి, చివరి వాక్యం కూడా నిజమే. అయినా దానికి పూర్తి మార్కులు వేయడం కుదరదు. ఎందుకు కుదరదో విడమరిస్తే, A₅ ఎందుకు సింపుల్ అన్నది కూడా దాంతోపాటే తేటపడుతుంది.

ముందు ప్రశ్న అడుగుతున్నదేమిటో చూద్దాం. ఐదు అక్షరాలను తారుమారు చేసే పద్ధతులు మొత్తం 120. అదే S₅. వాటిలో సరి పర్మ్యుటేషన్లు, అంటే రెండేసి అక్షరాల మార్పిడులను సరిసంఖ్యలో చేస్తే వచ్చేవి, 60. అదే A₅. ఒక గ్రూపును సింపుల్ అనాలంటే అందులో ఐడెంటిటీ ఒక్కటే ఉన్నదీ, మొత్తం గ్రూపూ తప్ప వేరే నార్మల్ సబ్‌గ్రూప్ ఉండకూడదు. నార్మల్ అంటే, N లోని ఏ x నైనా గ్రూపులోని ఏ g తోనైనా కాంజుగేట్ చేసి gxg⁻¹ తీసుకుంటే అది మళ్లీ N లోనే ఉండాలి. అంటే N లోకి ఒక మూలకం వచ్చిందంటే దాని కాంజుగసీ క్లాసు మొత్తం దానితోపాటే వస్తుంది. N కొన్ని పూర్తి క్లాసుల కలయిక అవుతుందే తప్ప ఏ క్లాసునూ సగంలో కోయలేదు.

పర్మ్యుటేషన్ల విషయంలో కాంజుగేట్ చేయడం చాలా సులువు. gxg⁻¹ కావాలంటే x ను సైకిల్ రూపంలో రాసుకుని, లోపలి ప్రతి అక్షరం బదులు g దాన్ని ఎక్కడికి పంపుతుందో ఆ అక్షరం రాస్తే చాలు. సైకిళ్ల పొడవులు మారవు, పేర్లే మారతాయి. ఈ ఒక్క వాడుక చేతికి వస్తే కింది లెక్కలన్నీ నోటితో చేసుకోవచ్చు.

ఇక జవాబు సంగతి. ఆ విద్యార్థి A₅ లోని మూలకాలను సైకిల్ ఆకారాన్ని బట్టి విడదీశాడు. ఐడెంటిటీ ఒకటి. (1 2 3) లాంటి మూడక్షరాల సైకిళ్లు: ఐదులో మూడు అక్షరాలను 10 విధాలుగా ఎంచుకోవచ్చు, ఒక్కో ఎంపికకు రెండు సైకిళ్లు, కాబట్టి 20. (1 2)(3 4) లాంటి జంట మార్పిడులు: కదలకుండా ఉండే అక్షరాన్ని 5 విధాలుగా ఎంచుకోవచ్చు, మిగిలిన నాలుగింటిని 3 విధాలుగా జతలు కట్టవచ్చు, కాబట్టి 15. (1 2 3 4 5) లాంటి ఐదక్షరాల సైకిళ్లు 24. కూడితే 1 + 20 + 15 + 24 = 60. ఇంతవరకు వేలు పెట్టడానికి లేదు.

తర్వాత ఇలా రాశాడు: ఒకే ఆకారం ఉన్నవన్నీ ఒకదానికొకటి కాంజుగేట్లు, కాబట్టి క్లాసుల సైజులు 1, 20, 15, 24. నార్మల్ సబ్‌గ్రూపులో 1 తప్పనిసరిగా ఉంటుంది. మిగతా మూడింటిలో కొన్నిటిని చేర్చుకుంటే దాని సైజు 1, 16, 21, 25, 36, 40, 45, 60 లలో ఏదో ఒకటి కావాలి. లగ్రాంజ్ సిద్ధాంతం ప్రకారం ఆ సైజు 60 ని భాగించాలి. వీటిలో 60 ని భాగించేవి 1, 60 మాత్రమే. కాబట్టి A₅ సింపుల్.

చదివినవాళ్లలో చాలామంది ఇక్కడ టిక్కు పెట్టేస్తారు. ఇబ్బందల్లా "ఒకదానికొకటి కాంజుగేట్లు" అన్న చోటే ఉంది. ఎక్కడ కాంజుగేట్లు? S₅ లో. ఒకే ఆకారం ఉన్న x, y లను ఇస్తే, x లోని అక్షరాల పేర్లను మార్చి y గా చేసే g కచ్చితంగా దొరుకుతుంది, కానీ ఆ g బేసి పర్మ్యుటేషన్ కావచ్చు. మన ప్రశ్న A₅ గురించి కాబట్టి పేర్లు మార్చే పనికి సరి పర్మ్యుటేషన్లనే వాడాలి. పెద్ద గ్రూపులో ఒకే క్లాసుగా ఉన్నది చిన్న గ్రూపులో రెండుగా చీలవచ్చు. చీలితే N అందులో సగాన్నే తీసుకునే అవకాశం ఉంటుంది, ఆ అవకాశం పై జాబితాలో లేదు.

జవాబు సరిగ్గానే వచ్చింది కదా, ఇంత పట్టుదల ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. ఇదే వాదనను వేరే చోట నడిపి చూడమనడమే వాళ్లకు నేనిచ్చే సమాధానం. నాలుగు అక్షరాల మీద ఐడెంటిటీ, (1 2)(3 4), (1 3)(2 4), (1 4)(2 3), ఈ నాలుగూ కలిస్తే ఒక చిన్న గ్రూపు. దాన్ని V అందాం. ఐడెంటిటీ కాని ఆ మూడూ S₄ లో ఒకే క్లాసు. విద్యార్థి పద్ధతిలో V కి క్లాసుల సైజులు 1, 3. రాగల మొత్తాలు 1, 4. రెండూ 4 ని భాగిస్తాయి, మధ్యలో ఏమీ లేదు. కాబట్టి V సింపుల్! కానీ V సింపుల్ కాదు. ఐడెంటిటీ, (1 2)(3 4) రెండూ కలిసి అందులో ఒక సబ్‌గ్రూప్, V అబీలియన్ కాబట్టి అది నార్మల్ కూడా. అదే తర్కం, అదే తీరు, ఫలితం మాత్రం అబద్ధం. A₅ విషయంలో నిజం తేలిందంటే అది వాదన బలం కాదు, A₅ మంచితనం.

ఈ లోపాన్ని పసిగట్టడానికి ఒక తేలికైన దారి ఉంది. ఏ గ్రూపులోనైనా ఒక క్లాసు సైజు ఆ గ్రూపు సైజును భాగించాలి. ఎందుకంటే x క్లాసు సైజు కావాలంటే, గ్రూపు సైజును x తో కమ్యూట్ అయ్యే మూలకాల సంఖ్యతో భాగించాలి. ఆ మూలకాల సముదాయాన్నే x సెంట్రలైజర్ అంటాం. ఇప్పుడు జవాబులోని 24 ని చూడండి. 24 తో 60 భాగింపబడదు. అంటే A₅ లో 24 మూలకాల క్లాసు ఉండడం అసాధ్యం. ఇంకే లెక్కా చేయకుండానే ఆ వరుస తప్పని తెలిసిపోతుంది. V లో కూడా అంతే, 3 తో 4 భాగింపబడదు. పేపరు దిద్దేటప్పుడు నేను మొదట చూసేది ఇదే.

మరి దాన్ని సరిదిద్దడమెలా? ఒక్కో ఆకారానికీ ఒకే ప్రశ్న వేసుకోవాలి: దీనితో కమ్యూట్ అయ్యే బేసి పర్మ్యుటేషన్ ఏదైనా ఉందా? ఉంటే క్లాసు చీలదు. కారణం ఇది. x ను y గా మార్చే g బేసి అయిందనుకుందాం, h కూడా బేసి, పైగా h, x కమ్యూట్ అవుతాయి. అప్పుడు gh సరి పర్మ్యుటేషన్, అది కూడా x ను y గానే మారుస్తుంది, ఎందుకంటే h ముందు x ను కదపదు, తర్వాత g తన పని చేస్తుంది. అలాంటి h లేకపోతే క్లాసు సరిగ్గా రెండు సమాన భాగాలవుతుంది.

(1 2 3) విషయంలో h వెంటనే కనిపిస్తుంది: (4 5). అది 1, 2, 3 ల జోలికే పోదు కాబట్టి కమ్యూట్ అవుతుంది, పైగా ఒకే మార్పిడి కాబట్టి బేసి. కనుక 20 ఒకే క్లాసు. (1 2)(3 4) కి (1 2) యే సరిపోతుంది. కనుక 15 కూడా ఒకే క్లాసు.

ఐదక్షరాల సైకిల్ దగ్గరే కథ మారుతుంది. σ = (1 2 3 4 5) అనుకుందాం. S₅ లో దాని క్లాసు 24, కాబట్టి సెంట్రలైజర్ సైజు 120 ÷ 24 = 5. σ ఘాతాలే ఐదున్నాయి, అవన్నీ σ తో కమ్యూట్ అవుతాయి. అంటే సెంట్రలైజర్ మొత్తం అవే, వేరే ఏదీ లేదు. అవన్నీ సరి పర్మ్యుటేషన్లు. బేసి h దొరకదు. A₅ లో కూడా సెంట్రలైజర్ సైజు 5 కాబట్టి క్లాసు సైజు 60 ÷ 5 = 12. ఆ 24 సైకిళ్లు 12, 12 గా చీలాయి.

కాబట్టి A₅ అసలు క్లాసులు 1, 15, 20, 12, 12. విద్యార్థి వేసిన ఎనిమిది మొత్తాలూ అలాగే ఉంటాయి. ఒకే ఒక్క 12 ను తీసుకునే సందర్భాలు కొత్తగా చేరతాయి: 13, 28, 33, 48. ఈ నాలుగింటిలో ఏదీ 60 ని భాగించదు. ఇప్పుడు నిరూపణ పూర్తయింది. మనకు కావలసిన చేర్పు రెండు మూడు వాక్యాలే, కానీ అవి లేకపోతే జవాబు V దగ్గర బోల్తా పడిన వాదనకు భిన్నమైనదేమీ కాదు.

ఈ నాలుగు మొత్తాలనూ లెక్క లేకుండానే కొట్టేసే దారి ఇంకొకటుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. N లో σ ఉంటే σ² కూడా ఉండాలి, N సబ్‌గ్రూప్ కదా. σ² = (1 3 5 2 4). σ ను దీనిగా మార్చే పర్మ్యుటేషన్ 1 ని 1 దగ్గరే ఉంచి, 2 ను 3 కి, 3 ను 5 కి, 5 ను 4 కి, 4 ను 2 కి పంపుతుంది. అంటే (2 3 5 4), నాలుగక్షరాల సైకిల్, బేసి. ఈ పని చేసే మిగతావన్నీ దీన్ని σ ఘాతాలతో గుణిస్తే వచ్చేవే, అవీ బేసివే. కాబట్టి σ, σ² వేర్వేరు సగాల్లో ఉన్నాయి. N లోకి ఒక సగం వచ్చిందంటే రెండో సగం దాని వెనకే వస్తుంది. అంటే విద్యార్థి 24 ను ఒకే ముక్కగా తీసుకోవడం చివరికి చెల్లుబాటయ్యేదే, కానీ అతను చెప్పిన కారణం వల్ల కాదు.

కంప్యూటర్ దగ్గర కూర్చుని ఉంటే GAP అనే ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్‌లో సైజులు సరిచూసుకోవచ్చు:

```
G := AlternatingGroup(5);
List(ConjugacyClasses(G), Size);
IsSimpleGroup(G);
```

మూడో వరుసకు `true` వస్తుంది. రెండో వరుసలో రెండు 12 లు కనిపిస్తాయి. అవి ఎందుకు వచ్చాయో మాత్రం అది చెప్పదు.

సంఖ్యల వాదనతో ఒక అసంతృప్తి మిగులుతుంది. ఏ మొత్తమూ 60 ని భాగించలేదు, సరే, కానీ అది అదృష్టంలా కనిపిస్తుంది. నాలుగు అక్షరాలకు ఎందుకు కుదరలేదు? A₄ సైజు 12. అందులో జంట మార్పిడులు 3, మూడక్షరాల సైకిళ్లు 8. ఇక్కడ (1 2 3) తో కమ్యూట్ అయ్యేవి S₄ లో దాని ఘాతాలు మూడే, (4 5) లాంటిది లేదు, ఎందుకంటే ఐదో అక్షరమే లేదు. కాబట్టి 8 కాస్తా 4, 4 గా చీలుతుంది. క్లాసులు 1, 3, 4, 4. ఇందులో 1 + 3 = 4, అది 12 ని భాగిస్తుంది. భాగించినంత మాత్రాన సబ్‌గ్రూప్ ఉన్నట్టు కాదు, గుణించి చూడాలి. (1 2)(3 4) ని (1 3)(2 4) తో గుణిస్తే (1 4)(2 3) వస్తుంది, మిగతావీ అంతే. అది మన పాత V. A₄ సింపుల్ కాదు.

ఐదో అక్షరం తెచ్చే మార్పు ఏమిటో కళ్లకు కట్టాలంటే సంఖ్యలను పక్కనపెట్టి నేరుగా మూలకాలను పట్టుకోవాలి. A₅ లో N నార్మల్, ఐడెంటిటీ కానిది ఏదో ఒకటి అందులో ఉంది. దాని నుంచి ఒక మూడక్షరాల సైకిల్‌ను బయటికి లాగుతాం. గుణకారంలో కుడివైపుది ముందు చేస్తాం. సాధనం ఒకటే: N లో x ఉంటే, ఏ τ కైనా τxτ⁻¹ కూడా N లో ఉంటుంది, x⁻¹ కూడా ఉంటుంది, కాబట్టి వాటి లబ్ధం τxτ⁻¹x⁻¹ కూడా ఉంటుంది. x, τ దాదాపుగా కమ్యూట్ అయ్యేలా τ ను ఎంచుకుంటే, ఆ లబ్ధంలో చాలా అక్షరాలు కదలకుండా పోతాయి, చిన్న సైకిల్ మిగులుతుంది.

x = (1 2)(3 4) అయితే τ = (1 2 5) తీసుకుందాం. పేర్లు మారిస్తే τxτ⁻¹ = (2 5)(3 4). దీన్ని x⁻¹ తో, అంటే x తోనే, గుణిస్తే (3 4) లు రెండూ కొట్టుకుపోతాయి, మిగిలింది (2 5)(1 2) = (1 5 2). మూడక్షరాల సైకిల్ దొరికింది. A₄ లో ఇదే పని చేయబోతే τ కి 5 దొరకదు. (1 2 3) తో ప్రయత్నిస్తే τxτ⁻¹ = (1 4)(2 3), x తో గుణిస్తే (1 3)(2 4). మళ్లీ V లోకే వచ్చిపడ్డాం. ఎన్నిసార్లు తిప్పినా V బయటికి రాలేం, అది నార్మల్ కాబట్టే.

x = (1 2 3 4 5) అయితే τ = (1 2 3). అప్పుడు τxτ⁻¹ = (2 3 1 4 5). దీన్ని x⁻¹ తో గుణించి ఒక్కో అక్షరాన్ని వెంబడిస్తే: 1 ముందు 5 కి, అక్కణ్ణుంచి 2 కి వెళ్తుంది. 2 ముందు 1 కి, తర్వాత 4 కి. 4 ముందు 3 కి, తర్వాత 1 కి. 3, 5 తమ చోటికే తిరిగొస్తాయి. ఫలితం (1 2 4). ఈ లెక్కలో తప్పులు ఎక్కువగా వచ్చేది x⁻¹ దగ్గర, దాన్ని x అనుకుని గుణిస్తుంటారు. వచ్చిన జవాబులో రెండు అక్షరాలు కదలకుండా ఉన్నాయా అని చూసుకుంటే చాలు, తప్పు బయటపడుతుంది.

x ఎలాంటిదైనా N లోకి ఒక మూడక్షరాల సైకిల్ వచ్చింది. (4 5) పుణ్యమా అని ఆ క్లాసు చీలలేదు కాబట్టి 20 సైకిళ్లూ వచ్చాయి. A₅ లోని ప్రతి మూలకం మార్పిడుల జతల లబ్ధం, ప్రతి జతనూ మూడక్షరాల సైకిళ్లుగా రాయొచ్చు: (1 2)(2 3) = (1 2 3), అలాగే (1 2)(3 4) = (1 2 3)(2 3 4). కాబట్టి N అంటే A₅ మొత్తం. ఐదో అక్షరం రెండు చోట్ల పనికొచ్చింది: జంట మార్పిడి నుంచి బయటపడడానికి ఒకసారి, మూడక్షరాల సైకిళ్లను ఒకే క్లాసుగా పట్టి ఉంచడానికి ఇంకోసారి. A₄ లో ఆ రెండూ లేవు.

గాల్వా 1832 మే 29న, చనిపోవడానికి రెండు రోజుల ముందు, స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ గ్రూపు సైజును 5·4·3 అని రాశాడు. విడగొట్టడానికి వీలులేని గ్రూపుల్లో, ప్రధాన సంఖ్య కాని అతి చిన్న సైజు అదేనన్నాడు. అయిదో డిగ్రీ సమీకరణాలకు వర్గమూలాలు, ఘనమూలాలు లాంటివాటితో సాధారణ సూత్రం లేకపోవడానికి అడ్డుపడేది A₅ విడిపోకపోవడమే.

నిరూపణల్లో ఏది రాయాలని పరీక్ష ముందు అడిగితే క్లాసుల లెక్కే రాయమంటాను, 12, 12 చీలికను మరవకుండా. చిన్నది, తప్పు పోయే చోటు ఒక్కటే. ఆరు అక్షరాలకు వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం రెండోదే నప్పుతుంది. A₆ లో కొత్తగా వచ్చే ఆకారాలు రెండు. (1 2 3 4)(5 6) ను రెండుసార్లు చేస్తే (1 3)(2 4) వస్తుంది, దాని సంగతి మనకు తెలుసు. రెండోది x = (1 2 3)(4 5 6). దానికి τ = (1 2 4) పెడితే τxτ⁻¹ = (2 4 3)(1 5 6), x⁻¹ తో గుణిస్తే (1 2 5 3 4). అది ఐదక్షరాల సైకిల్, దాని నుంచి మూడక్షరాల సైకిల్‌ను తీయడం పైన చేసిందే. మూడక్షరాల సైకిళ్లు ఇక్కడా ఒకే క్లాసు, A₆ అంతటినీ పుట్టించేదీ అవే, కాబట్టి A₆ కూడా సింపుల్.